మ్యాప్ ఏపీఐ ఎంచుకునేటప్పుడు ధర కంటే ముందు కాష్ నిబంధన చూడండి

మ్యాప్ సేవల ధరలు పోల్చేవాళ్లు ముందు రెండు అంకెలే చూస్తారు. నెలకు ఎంత ఉచితం, ఆ తర్వాత వెయ్యి రిక్వెస్టులకు ఎంత. ఆ రెండూ పట్టికలో రాసుకుని తక్కువున్నది తీసుకుంటారు. బిల్లు తేలాలంటే మూడో అంకె కూడా కావాలి. అది మీరు పంపే రిక్వెస్టుల సంఖ్య. దాన్ని మీ వాడుకరులు నిర్ణయిస్తారని అనుకుంటాం గానీ, అందులో పెద్ద భాగాన్ని ఆ కంపెనీ కాష్ నిబంధనే నిర్ణయిస్తుంది. వచ్చిన జవాబును ఎన్నాళ్లు దాచుకోనిస్తారు, అసలు దాచుకోనిస్తారా లేదా అన్నదాన్ని బట్టి ఒకే పనికి రిక్వెస్టులు పది రెట్లు తేడా రావచ్చు.

ఇక్కడ మ్యాప్ సేవలన్నిటినీ తడమను. జియోకోడింగ్ ఒక్కదాన్నే తీసుకుంటాను. అంటే అడ్రస్ ఇచ్చి అక్షాంశ రేఖాంశాలు తెచ్చుకునే పని. కాష్ నిబంధన బిల్లుని ఎక్కువగా మార్చేది ఇక్కడే. అడ్రస్ ఎక్కడికీ కదలదు కాబట్టి, ఒకసారి తెచ్చుకున్న జవాబు మళ్లీ మళ్లీ పనికొస్తుంది.

ఉచితం అన్న మాట కిందేముందో ముందు చూద్దాం. గూగుల్ మ్యాప్స్ ప్లాట్‌ఫామ్‌లో 2025 ఫిబ్రవరి చివరి వరకు నెలకు 200 డాలర్ల క్రెడిట్ ఉండేది. ఆ డబ్బును ఏ సేవకైనా ఖర్చు పెట్టుకోవచ్చు. 2025 మార్చి 1 నుంచి అది పోయింది. ఇప్పుడు ప్రతి సేవకు, వాళ్ల భాషలో ప్రతి ఎస్‌కేయూకి, విడివిడిగా ఉచిత కోటా ఉంది. ఎసెన్షియల్స్ వర్గంలోని ఎస్‌కేయూలకు నెలకు 10,000, ప్రో వర్గంలోవాటికి 5,000, ఎంటర్‌ప్రైజ్ వర్గంలోవాటికి 1,000. జియోకోడింగ్ ఎసెన్షియల్స్‌లో ఉంది. 10,000 దాటాక వెయ్యికి 5 డాలర్లు. లక్ష దాటాక వెయ్యి ధర కాస్త తగ్గుతుంది. కొన్ని దేశాల బిల్లింగ్ ఖాతాలకు వేరే ధరల పట్టిక ఉంటుంది కాబట్టి మీ ఖాతాకు వర్తించే పట్టికనే తెరిచి చూడండి. నేను ఇక్కడ వాడేది అంతర్జాతీయ పట్టిక.

ఈ మార్పును చిన్నదిగా తీసుకోకండి. 200 డాలర్లతో జియోకోడింగ్ ఒక్కటే వాడితే 40,000 రిక్వెస్టులు ఉచితంగా వచ్చేవి. ఇప్పుడు 10,000 మాత్రమే. ఒకే సేవ మీద ఆధారపడ్డవాళ్లు నష్టపోయారు. నాలుగైదు సేవలు కొంచెం కొంచెంగా వాడేవాళ్లకు లాభమే, ఎందుకంటే ప్రతిదానికీ సొంత కోటా ఉంది. పాత ట్యుటోరియల్స్ చాలావాటిలో ఇంకా 200 డాలర్ల లెక్కే కనిపిస్తుంది. ఆ లెక్క పట్టుకుని బడ్జెట్ వేస్తే మొదటి నెలలోనే టెన్షన్ తప్పదు. ఇంకొకటి, వాడుకని ప్రాజెక్టు వారీగా కాక బిల్లింగ్ ఖాతా మొత్తం మీద కలిపి లెక్కిస్తారు. మూడు ప్రాజెక్టులు తెరిస్తే మూడు కోటాలు రావు.

మ్యాప్‌బాక్స్ లెక్క వేరు. అక్కడ జియోకోడింగ్‌కు రెండు రకాలున్నాయి. తాత్కాలిక రకంలో నెలకు 100,000 రిక్వెస్టులు ఉచితం, ఆ తర్వాత 500,000 వరకు వెయ్యికి 0.75 డాలర్. శాశ్వత రకంలో ఉచితం లేదు, మొదటి రిక్వెస్టు నుంచే వెయ్యికి 5 డాలర్లు. రెండింటికీ వచ్చే జవాబు ఒకటే, అవే అక్షాంశ రేఖాంశాలు. తేడా హక్కులో ఉంది. తాత్కాలిక రకంలో వచ్చినదాన్ని ఆ క్షణానికి వాడుకోవాలి, డేటాబేస్‌లో పెట్టుకోకూడదు. శాశ్వత రకంలో వచ్చినదాన్ని దాచుకోవచ్చు. కోడ్‌లో ఈ తేడా ఒక్క పారామీటరు:

```
https://api.mapbox.com/search/geocode/v6/forward?q=...&permanent=true&access_token=...
```

ఇదే పద్ధతి ఇతర చోట్లా ఉంది. అమెజాన్ లొకేషన్ సర్వీస్‌లో `IntendedUse` అనే విలువకు `SingleUse` లేదా `Storage` అని ఇవ్వాలి. `Storage` అంటే వెయ్యి ధర చాలా పెరుగుతుంది. ప్లాన్లు పోల్చేటప్పుడు వెతకాల్సింది ఈ జంట ధరల్నే. ఒక కంపెనీ వెయ్యికి చాలా తక్కువ ధర చూపిస్తుంటే, అది దాచుకునే హక్కు లేని ధర కావడానికే అవకాశం ఎక్కువ.

గూగుల్ నిబంధన ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. అక్షాంశ రేఖాంశాలను వరుసగా 30 రోజుల వరకు తాత్కాలికంగా కాష్ చేసుకోవచ్చు, ఆ తర్వాత తీసేయాలి. ప్లేస్ ఐడీ అనే గుర్తింపు కోడ్‌ను మాత్రం ఎన్నాళ్లైనా దాచుకోవచ్చు. తిరిగి వచ్చిన పూర్తి అడ్రస్ పాఠం లాంటి మిగతా వాటికి ఈ 30 రోజుల వెసులుబాటు వర్తించదు. గూగుల్ ఇచ్చిన జవాబును వేరే కంపెనీ మ్యాప్ మీద చూపించకూడదన్న షరతు కూడా ఉంది. ధర కోసం జియోకోడింగ్ ఒకచోట, మ్యాప్ ఇంకోచోట తీసుకుందామనుకునేవాళ్లు దీన్ని ముందే చూసుకోవాలి.

ఇప్పుడు ఒక ఉదాహరణని చివరిదాకా లెక్కగడదాం. ఇంటింటికీ సరుకు చేర్చే ఒక సేవ ఉందనుకోండి. డేటాబేస్‌లో 60,000 అడ్రసులున్నాయి. నెలకు 90,000 ఆర్డర్లు. ఆ ఆర్డర్లు 20,000 వేర్వేరు అడ్రసుల నుంచి వస్తాయి, అందులో 6,000 ఆ నెలలోనే కొత్తగా చేరినవి. ప్రతి ఆర్డరుకూ దారి లెక్కించడానికి అక్షాంశ రేఖాంశాలు కావాలి.

కాష్ ఏమీ లేకుండా, ఆర్డరు వచ్చిన ప్రతిసారీ గూగుల్‌ను అడిగితే 90,000 రిక్వెస్టులు. 10,000 ఉచితం పోను 80,000కు 400 డాలర్లు. అదే వాడుక మ్యాప్‌బాక్స్ తాత్కాలిక రకంలో 100,000 లోపే కాబట్టి బిల్లు సున్నా. ధరల పట్టిక మాత్రమే చూసినవాళ్లు ఇక్కడే ఆగిపోతారు, మ్యాప్‌బాక్స్ గెలిచిందంటారు. నిజంగానే ఈ సేవకు అక్షాంశ రేఖాంశాలు ఆ క్షణానికే కావాలంటే అది సరైన ఎంపికే. కానీ చాలా సేవలకు అది సరిపోదు. ఆర్డరు రికార్డుతోపాటు అక్షాంశ రేఖాంశాలు నిల్వ ఉండాలి. ఏ ప్రాంతం నుంచి ఆర్డర్లు ఎక్కువో నివేదిక తీయాలి, దగ్గర్లోని అడ్రసులను గుంపుగా చేసి ఒకే బండికి ఇవ్వాలి. ఈ పనులకు డేటాబేస్‌లో కాలమ్ కావాలి. కాలమ్ కావాలన్నప్పుడే తాత్కాలిక రకం పోటీలోంచి తప్పుకున్నట్టు. నిబంధన చూడకుండా తాత్కాలిక జవాబుల్ని కాలమ్‌లో రాసుకుంటూ పోయే ప్రాజెక్టులున్నాయి. ఆ కోడ్‌లో దోషం ఎక్కడా కనబడదు. ఒప్పందం ఎవరైనా చదివిన రోజున మాత్రం ఆ కాలమ్ మొత్తం చెరిపేయాల్సి వస్తుంది.

గూగుల్‌తోనే ఉండి 30 రోజుల కాష్ పెడితే ఏమవుతుంది? ఒక అడ్రసు నెలలో ఎన్నిసార్లు వచ్చినా 30 రోజులకు ఒకసారే అడుగుతాం. కాబట్టి రిక్వెస్టులు 90,000 నుంచి దాదాపు 20,000కు దిగుతాయి. ఉచితం పోను 10,000కు 50 డాలర్లు. ఏ డిస్కౌంటూ అడక్కుండా బిల్లు 400 నుంచి 50కి వచ్చింది.

దాన్ని ఇంకా తగ్గించవచ్చు. ప్లేస్ ఐడీని ఎన్నాళ్లైనా దాచుకోవచ్చని చెప్పాను కదా. పాత అడ్రసులకు ఐడీ మన దగ్గర ఉంది కాబట్టి, 30 రోజులు దాటాక వాటిని జియోకోడింగ్‌కు కాక, ఐడీ ఇస్తే స్థలం వివరాలు తెచ్చే ప్లేస్ డీటెయిల్స్‌ సేవకు పంపవచ్చు. అక్కడ స్థానం ఒక్కటే అడిగితే అది ప్లేస్ డీటెయిల్స్ ఎసెన్షియల్స్ అనే వేరే ఎస్‌కేయూ కింద పడుతుంది. ధర అదే వెయ్యికి 5 డాలర్లు. కానీ దానికి సొంతంగా 10,000 ఉచితం ఉంది. కొత్త 6,000 అడ్రసులు జియోకోడింగ్ కోటాలో ఉచితంగా సరిపోతాయి. పాత 14,000లో 10,000 ఉచితం, మిగిలిన 4,000కు 20 డాలర్లు. కోటాలు విడివిడిగా ఉండటం వల్ల దొరికిన లాభం ఇది. పాత 200 డాలర్ల పద్ధతిలో ఈ కిటుకుకు అర్థమే ఉండేది కాదు.

ఇక్కడొక గొయ్యి ఉంది, చాలామంది అందులో పడతారు. ఆ రిక్వెస్టు ఇలా ఉండాలి:

```
GET https://places.googleapis.com/v1/places/PLACE_ID
X-Goog-FieldMask: location
X-Goog-Api-Key: API_KEY
```

రెండో వరుసలో ఉన్న ఫీల్డ్ మాస్కే, అంటే ఏయే వివరాలు కావాలో చెప్పే జాబితానే, ధరను నిర్ణయిస్తుంది. అడిగిన ఫీల్డుల్లో ఏది ఖరీదైన వర్గానికి చెందితే రిక్వెస్టు మొత్తానికి ఆ ధరే పడుతుంది. పేరు కూడా ఉంటే బాగుంటుందని ఎవరో `displayName` చేర్చారనుకోండి. రిక్వెస్టు ప్రో వర్గానికి వెళ్తుంది. అక్కడ వెయ్యికి 17 డాలర్లు, ఉచితం 5,000 మాత్రమే. మన 14,000కు లెక్కిస్తే 9,000 మీద 153 డాలర్లు. ఒక్క పదం చేర్చినందుకు 20 డాలర్ల బిల్లు 153 అయింది. రిక్వెస్టుల సంఖ్య మారలేదు కాబట్టి సంఖ్య చూపించే గ్రాఫులో ఇది కనబడదు. బిల్లింగ్ నివేదికను ఎస్‌కేయూ వారీగా విడదీసి చూస్తేనే తెలుస్తుంది. అభివృద్ధి దశలో మాస్క్‌లో నక్షత్రం గుర్తు పెట్టి అన్ని ఫీల్డులూ తెప్పించుకుని, అలాగే విడుదల చేస్తే ఇంకా పై వర్గం ధర పడుతుంది.

ప్లేస్ ఐడీలు కూడా పాతబడతాయి. భవనం మారినా, డేటా సరిదిద్దినా ఐడీ చెల్లకుండా పోవచ్చు. 12 నెలలు దాటిన ఐడీని ఒకసారి సరిచూసుకోమని గూగుల్ సూచిస్తుంది. మాస్క్‌లో `id` ఒక్కటే పెట్టి అడిగితే ఆ రిక్వెస్టుకు చార్జీ లేదు.

ఇప్పుడు మ్యాప్‌బాక్స్ శాశ్వత రకం. ఇక్కడ ఒకసారి తెచ్చుకున్నది ఉండిపోతుంది కాబట్టి ఆర్డర్ల సంఖ్యతో సంబంధం లేదు. మొదట ఉన్న 60,000 అడ్రసులకు ఒకేసారి 300 డాలర్లు, ఆ తర్వాత నెలనెలా కొత్త 6,000కు 30 డాలర్లు. మన ఉదాహరణలో ఇది గూగుల్ 20 డాలర్ల దారి కంటే ఖరీదే, పైగా మొదటి రోజే 300 పెట్టాలి. ఇక్కడ ఆగితే గూగుల్ మేలనిపిస్తుంది.

కానీ సేవ పెరిగితే లెక్క తిరగబడుతుంది. ఆర్డర్లు ఐదు రెట్లయి నెలకు 450,000కు చేరాయనుకుందాం. వేర్వేరు అడ్రసులు 60,000, అందులో కొత్తవి 10,000. గూగుల్‌లో కొత్త 10,000 జియోకోడింగ్ కోటాలో ఉచితం. పాత 50,000లో 10,000 ఉచితం పోను 40,000కు 200 డాలర్లు. మ్యాప్‌బాక్స్ తాత్కాలిక రకంలో 350,000కు 262.50 డాలర్లు, నిల్వ హక్కు లేకుండానే. శాశ్వత రకంలో కొత్త 10,000కు 50 డాలర్లు మాత్రమే. ఆర్డర్లు ఎన్నయినా అంతే.

అంటే అడగాల్సిన ప్రశ్న నెలకు ఎన్ని రిక్వెస్టులు అని కాదు. ఒక అడ్రసు మన దగ్గరికి మొత్తం మీద ఎన్నిసార్లు తిరిగి వస్తుంది అని. మ్యాప్‌బాక్స్ రెండు ధరల నిష్పత్తి చూడండి, 5ను 0.75తో భాగిస్తే దాదాపు 6.7. ఉచిత కోటా దాటిపోయాక, ఒక అడ్రసు ఏడుసార్ల కంటే ఎక్కువ వస్తుందంటే శాశ్వత రకమే చవక. ఒక్కసారి వచ్చి పోయేదైతే శాశ్వత ధర దండగ. కిరాణా సరుకులు చేర్చే సేవలో అదే ఇంటికి వారం వారం వెళ్తారు. ఇల్లు మారేవాళ్ల సామాను తరలించే సేవలో అదే అడ్రసు మళ్లీ ఎప్పటికో. ఈ రెండు సేవలకూ నెలవారీ రిక్వెస్టులు సమానంగా ఉండవచ్చు, కానీ సరిపోయే ప్లాన్ ఒకటి కాదు. మీ సేవ ఏ రకమో తెలియకపోతే ఆర్డర్ల పట్టిక మీద ఒక్క ప్రశ్న వేయండి:

```sql
SELECT COUNT(*) * 1.0 / COUNT(DISTINCT address_id)
FROM orders
WHERE created_at >= '2025-01-01';
```

ఈ నిష్పత్తి ఒకటికి దగ్గరగా ఉంటే కాష్ మీద పెద్దగా ఆశలు పెట్టుకోనక్కర్లేదు, వెయ్యి ధరే చూసుకోండి. ఎక్కువగా ఉంటే నిల్వ హక్కున్న ప్లాన్ల వైపు చూడండి.

కాష్ రాయడంలో జరిగే తప్పుల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పైన వేసిన లెక్కలన్నీ కాష్ సరిగ్గా పనిచేస్తేనే నిజమవుతాయి.

మొదటిది గడువు లెక్క. గూగుల్ 30 రోజులను తెచ్చుకున్న రోజు నుంచి లెక్కించాలి. రెడిస్ లాంటి వాటిలో చదివిన ప్రతిసారీ గడువు పొడిగించే అలవాటు మామూలే. అలా చేస్తే వారం వారం ఆర్డరు పెట్టే ఇంటి అక్షాంశ రేఖాంశాలు ఏళ్ల తరబడి కాష్‌లో ఉండిపోతాయి. బిల్లు తక్కువగా కనిపిస్తుంది, నిబంధన మాత్రం తప్పినట్టే. రాసేటప్పుడు ఒకసారి గడువు పెట్టి, చదివేటప్పుడు ముట్టుకోకపోవడమే సరైన పద్ధతి:

```python
key = "geo:" + " ".join(addr.lower().replace(",", " ").split())
val = r.get(key)
if val is None:
    val = fetch(addr)
    r.set(key, val, ex=29 * 86400)
```

29 రోజులు పెట్టింది కాస్త జాగ్రత్త కోసం. బ్యాకప్‌లనూ మర్చిపోకండి. అసలు పట్టికలో తీసేసి, ఏడాది పాత బ్యాకప్‌లలో ఉంచుకుంటే తీసేసినట్టు కాదు. అక్షాంశ రేఖాంశాలను బ్యాకప్ తీయని వేరే పట్టికలో పెట్టి, ప్లేస్ ఐడీని ప్రధాన పట్టికలో ఉంచితే ఈ తలనొప్పి ఉండదు.

రెండోది ముందస్తు రిఫ్రెష్. గడువు దగ్గరపడ్డ ప్రతి అడ్రసునూ రాత్రిపూట ఒక జాబ్ మళ్లీ తెచ్చి పెట్టేలా రాస్తారు. చూడటానికి శుభ్రమైన ఏర్పాటే. కానీ మన ఉదాహరణలో ఆ నెల అవసరం పడేది 20,000 అడ్రసులే, జాబ్ మాత్రం 60,000 తెస్తుంది. జియోకోడింగ్‌లో 50,000 మీద 250 డాలర్లు. కాష్ వల్ల వచ్చిన లాభంలో సగానికి పైగా పోయింది. ఆర్డరు వచ్చినప్పుడు మాత్రమే తెచ్చుకోవడం మేలు. ఆ ఒక్క రిక్వెస్టుకు పట్టే సమయాన్ని వాడుకరి గమనించడు కూడా.

మూడోది కాష్ కీ, అంటే జవాబును ఏ పేరుతో దాస్తామో అది. అదే అడ్రసు ఒకసారి కామాతో, ఒకసారి లేకుండా, ఒకసారి చివర ఖాళీతో వస్తే మూడు రిక్వెస్టులు. పై కోడ్‌లో చిన్న అక్షరాలుగా మార్చి, కామాలు తీసి, ఖాళీల్ని సర్దింది అందుకే. ఇంతకంటే లోతుకు పోయి సంక్షిప్త రూపాలన్నిటినీ విప్పబోతే, వేర్వేరు అడ్రసులు ఒకటిగా కలిసిపోయే ప్రమాదం ఉంది. సరుకు వేరే ఇంటికి పోవడం కంటే ఇంకొక రిక్వెస్టు చవక. దొరకని అడ్రసుల్ని కూడా కొన్ని రోజుల పాటు దొరకలేదని గుర్తుపెట్టుకోవాలి. లేకపోతే తప్పుగా రాసిన ఒక అడ్రసు ఆర్డరు తెరిచిన ప్రతిసారీ కొత్త రిక్వెస్టు పంపుతూనే ఉంటుంది.

నాలుగోది, సర్వరు మెమరీలో పెట్టుకునే కాష్. ఆరు సర్వర్లుంటే ఆరు కాష్‌లు, కొత్త వెర్షన్ విడుదల చేసిన ప్రతిసారీ అన్నీ ఖాళీ. ఇలాంటప్పుడు కాష్ ఉన్నట్టే ఉంటుంది, బిల్లు మాత్రం తగ్గదు. పసిగట్టే ఉపాయం సులువే. గూగుల్ క్లౌడ్ కన్సోల్‌లోనో, మ్యాప్‌బాక్స్ ఖాతాలోని గణాంకాల పేజీలోనో నెల రిక్వెస్టుల సంఖ్య తీసుకోండి. మీ డేటాబేస్‌లో ఆ నెలలో ఆర్డరు పెట్టిన వేర్వేరు అడ్రసుల సంఖ్యతో పోల్చండి. 30 రోజుల కాష్ సరిగా పనిచేస్తుంటే మొదటిది రెండోదాన్ని పెద్దగా దాటదు. రెండింతలు, మూడింతలు ఉంటే పై రెండో, మూడో, నాలుగో తప్పుల్లో ఏదో ఒకటి జరుగుతోంది.

ఇక అడ్రసు టైప్ చేస్తుండగా సూచనలిచ్చే పెట్టె. జియోకోడింగ్ ఎంత పొదుపుగా చేసినా ఇది మొత్తం తినేయగలదు. మ్యాప్‌బాక్స్ జియోకోడింగ్‌ను ఇలా వాడితే ప్రతి అక్షరానికీ వెళ్లే రిక్వెస్టు ఒక్కొక్కటిగా లెక్కలోకి వస్తుంది. ఇరవై అక్షరాల అడ్రసుకు ఇరవై రిక్వెస్టులు. అలా ఐదు వేల మంది కొత్త అడ్రసు రాస్తే 100,000 ఉచిత కోటా అక్కడికే సరి. మూడో అక్షరం దాటాకే మొదలుపెట్టడం, వేళ్లు ఆగిన 300 మిల్లీసెకన్ల తర్వాతే పంపడం ఈ సంఖ్యను బాగా తగ్గిస్తాయి. గూగుల్‌లో సెషన్ టోకెన్ వాడితే టైపింగ్ మొత్తం, చివర ఎంచుకున్న స్థలం వివరాలు కలిసి ఒక సెషన్‌గా లెక్కలోకి వస్తాయి. టోకెన్ మర్చిపోయినా, ఒకే టోకెన్‌ను రెండు వెతుకులాటలకు వాడినా, ఒక్కో రిక్వెస్టుకు విడిగా చార్జీ పడుతుంది.

మ్యాప్ చూపించడానికయ్యే ఖర్చు గురించి ఒక్క మాట చాలు. మ్యాప్‌బాక్స్ వెబ్ మ్యాప్‌లో, గూగుల్ డైనమిక్ మ్యాప్‌లో జరపడానికీ జూమ్ చేయడానికీ చార్జీ లేదు. మ్యాప్ కొత్తగా తయారైన ప్రతిసారీ ఒక లోడ్. కాబట్టి ట్యాబ్ మార్చిన ప్రతిసారీ మ్యాప్ కాంపోనెంట్‌ను కూల్చి మళ్లీ కట్టే కోడ్ ఉంటే, దాన్ని దాచి చూపించేలా మార్చండి.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా మీద నడిచే సేవల్లో కాష్ చిక్కు చాలావరకు ఉండదు. ఓపెన్‌కేజ్ లాంటివి జవాబుల్ని ఎన్నాళ్లైనా దాచుకోనిస్తాయి. డేటా ఎవరిదో తెలిపే వరుస చూపించాలి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాతో జియోకోడింగ్ చేసే నామినాటిమ్ అనే సాఫ్ట్‌వేర్‌కు ఒక ప్రజా సర్వరు ఉంది, దాని నిబంధన మరీ తలకిందులు. అక్కడ కాష్ చేయడం హక్కు కాదు, బాధ్యత. అదే ప్రశ్న మళ్లీ మళ్లీ పంపితే ఆపేస్తారు. సెకనుకు ఒక రిక్వెస్టు మించకూడదు, టైప్ చేస్తుండగా సూచనలకు అసలు వాడకూడదు. అది చిన్న పనులకే, వ్యాపారాన్ని దాని మీద నిలబెట్టలేం. నామినాటిమ్‌ను సొంత సర్వరులో నడుపుకోవచ్చు. ప్రపంచం మొత్తం డేటా కావాలంటే టెరాబైట్ ఎస్‌ఎస్‌డీ, 128 జీబీ మెమరీ దాకా ఉండాలి. ఒక్క దేశం భాగమే దించుకుంటే చాలా చిన్న యంత్రం చాలు. నెలకు 20 నుంచి 50 డాలర్ల బిల్లున్న మన ఉదాహరణకు సొంత సర్వరు నా దృష్టిలో అనవసర భారం. ఇంటి నంబర్ల స్థాయి డేటా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో అన్ని ప్రాంతాల్లో ఒకేలా ఉండదు కాబట్టి ధర తేలకముందే మీ అసలు అడ్రసుల్లోంచి కొన్ని వందలు తీసి పరీక్షించాలి. ఈ పరీక్ష గూగుల్, మ్యాప్‌బాక్స్‌లకూ అవసరమే. గూగుల్ జవాబులో `location_type` విలువ `ROOFTOP` అని ఎన్నిటికి వచ్చింది, `APPROXIMATE` అని ఎన్నిటికి వచ్చింది అని లెక్కపెడితే చాలా తెలుస్తుంది. వీధి మధ్యలో గుర్తు పెట్టిన ఉచిత జవాబు కంటే గుమ్మం దగ్గర పెట్టిన ఐదు డాలర్ల జవాబే చవక.

వీటన్నిటికంటే చవకైన ఇంకొక దారి ఉంది. సరుకు అందించిన క్షణంలో డెలివరీ చేసేవారి ఫోన్ జీపీఎస్ చూపించే స్థానం మీ సొంత డేటా. దానికి ఏ కంపెనీ గడువూ వర్తించదు. మొదటి ఆర్డరుకు మాత్రం ఏపీఐని అడిగి, రెండో ఆర్డరు నుంచి ఫోన్ నమోదు చేసిన స్థానాన్నే వాడితే మన ఉదాహరణలో నెలకు కొత్త 6,000 అడ్రసులకే జియోకోడింగ్ కావాలి. అది గూగుల్ ఉచిత కోటాలోనే సరిపోతుంది. అపార్ట్‌మెంటు వెనక గేటు లాంటివి జియోకోడర్‌కు తెలియవు, ఫోన్‌కు తెలుస్తాయి. వాడుకరికీ, సిబ్బందికీ స్థానం నమోదు చేస్తున్నామని ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి.

నా ఎంపిక అడిగితే ఇలా చెబుతాను. అక్షాంశ రేఖాంశాలను నిల్వ చేయనక్కర్లేని, నెలకు లక్ష లోపు వాడుకకు మ్యాప్‌బాక్స్ తాత్కాలిక రకం. మ్యాప్ ఎలాగూ గూగుల్‌దే అయి, తిరిగి వచ్చే అడ్రసులు నెలకు పది ఇరవై వేలలో ఉంటే గూగుల్‌ను 30 రోజుల కాష్‌తో, ప్లేస్ ఐడీతో వాడటం. అవే అడ్రసులకు ఏళ్ల తరబడి వెళ్తూ, నివేదికలకు ఆ డేటా కావాల్సిన సేవకు శాశ్వత నిల్వ హక్కు, అది మ్యాప్‌బాక్స్‌దైనా ఓపెన్ డేటా సేవదైనా. గూగుల్ తీసుకుంటే కన్సోల్‌లో రోజువారీ కోటా పరిమితి పెట్టండి. బడ్జెట్ అలర్ట్ మెయిల్ పంపుతుంది, రిక్వెస్టుల్ని ఆపదు. ఆపేది కోటా పరిమితే.

పట్టిక తయారుచేసే రోజునే అక్షాంశ రేఖాంశాల పక్కన ఇంకో రెండు కాలమ్‌లు పెట్టండి: అవి ఎక్కడి నుంచి వచ్చాయి, ఎప్పుడు వచ్చాయి. రెండేళ్ల తర్వాత కంపెనీ మారాలనుకున్నప్పుడు ఏ వరుసల్ని వెంట తీసుకుపోవచ్చో, ఏవి చెరిపేసి కొత్తచోట డబ్బు కట్టి మళ్లీ తెచ్చుకోవాలో ఆ కాలమ్‌లే చెబుతాయి. అవి లేకపోతే అన్నిటినీ చెరపాల్సిందే. అప్పుడు 60,000 అడ్రసుల 300 డాలర్లు మారే ఖర్చులో ముందే కలుపుకోవాలి.